చుక్క లేదు వేరు, చూడలేదు వేరు

వెళ్ళిపోయే డెవలపర్లు రాసే అప్పగింత నోట్లు చాలామటుకు ఒకే తీరుగా ఉంటాయి. ఏ ఫోల్డర్‌లో ఏముందో ఒక జాబితా, గీతలూ డబ్బాలతో ఒక బొమ్మ, నాలుగు పాస్‌వర్డులు, చివర ‘ఏదైనా ఉంటే ఫోన్ చేయండి’. ఫోల్డర్లలో ఏముందో తెరిచి చూస్తే తెలుస్తుంది. ఫోన్ ఆర్నెల్లయ్యాక ఎవరూ ఎత్తరు. ఈ రకం నోట్లు చదివీ చదివీ విసిగినవాణ్ణి కనుక, ఇటీవల నా చేతికొచ్చిన ఒక నోటు గురించి కాస్త తీరిగ్గా చెప్పాలనిపిస్తోంది.

అనంతపురం ప్రాంతంలో రైతులతో పనిచేసే ఒక చిన్న సంస్థకు వాన లెక్కల యాప్ కట్టిన డెవలపర్, ఉద్యోగం మారుతూ రాసిపెట్టి వెళ్ళిందది. యాప్ చేసే పని చిన్నదే. ఊరికొక వానమాపకం, దాన్ని చూసే మనిషి ఒకరు. పొద్దున్నే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కొలిచి ఫోన్‌లో నొక్కుతారు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లు దాటడమే గగనమైన చోట, అదీ ఒక ఊళ్ళో కురిసి పక్క ఊళ్ళో కురవని చోట, మండలానికొక అంకె సరిపోదు. రైతులే వాన కొలుచుకోవడం ఇక్కడ కొత్త కాదు. 2000ల్లో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టులో అనంతపురం రైతులు కూడా వానా, బోర్ల నీటిమట్టం కొలిచి పుస్తకాల్లో రాసుకున్నారు. ఈ సంస్థ ఆ లెక్కలతో చేసే పని ఒకటుంది. ఎర్రనేలలో శెనక్కాయ వేశాక వరుసగా ఎన్ని రోజులు వాన లేదో చూసి, ముందు ఏ ఊరికి రక్షక తడి ఇవ్వాలో తేలుస్తారు. అంకె తప్పితే నీళ్ళు తప్పు చేనికి పోతాయి.

నోటులో నిర్మాణం గురించిన భాగానికి బొమ్మ లేదు. దాని బదులు ఆమె ఒక్క కొలతను పట్టుకుని, అది మాపకం నుంచి ఆఫీసు పట్టీదాకా ఎలా నడుస్తుందో చెప్పుకుంటూ పోయింది. కొలత ముందు ఫోన్‌లోని డేటాబేస్‌లో పడుతుంది. అక్కడే దానికొక ప్రత్యేక గుర్తింపు సంఖ్య పుడుతుంది. సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు పోతుంది. సర్వర్ దాన్ని రాసుకుని ‘అందింది’ అంటుంది. ఇక్కడ ఆమె ఆగి, ఆ ‘అందింది’ అన్న జవాబు దారిలో పోతే ఏమవుతుందో రాసింది. ఫోన్ అందలేదనుకుని మళ్ళీ పంపుతుంది. గుర్తింపు సంఖ్య సర్వర్‌లో పుట్టేటట్టయితే ఒకే వాన రెండుసార్లు కురిసినట్టు నమోదయ్యేది. ఫోన్‌లోనే పుట్టింది కనుక, రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ గుర్తుపట్టి పక్కన పెడుతుంది. కోడ్ చదివినవాడికి సంఖ్య ఫోన్‌లో పుడుతోందని తెలుస్తుంది గాని, ఎందుకో తెలియదు. తెలియనివాడు ఏదో ఒకరోజు ‘శుభ్రం’ చేసి దాన్ని సర్వర్‌లోకి మార్చేస్తాడు. అతని కోసమే ఆ పేరా.

నోటుకు ప్రాణం మాత్రం తేదీ గురించి రాసిన పేజీల్లో ఉంది. వాతావరణశాఖ లెక్కలో వానరోజు అర్ధరాత్రి మారదు, ఉదయం 8:30కు మారుతుంది. పన్నెండో తేదీ పొద్దున 8:30కు కొలిచిన వాన పన్నెండో తేదీ వానే, పదకొండు సాయంత్రం కురిసినా సరే. ఊళ్ళో మనిషికి మాత్రం అది నిన్నటి వాన. యాప్ మొదటి కూర్పు ‘ఏ రోజు వాన?’ అని అడిగేదట. కొందరు నిన్న అనీ, కొందరు ఇవాళ అనీ నొక్కారు. కలిసి తడిసిన రెండు పక్క ఊళ్ళలో వేర్వేరు రోజుల్లో వాన పడ్డట్టు తేలింది. తర్వాత ఆమె ఆ ప్రశ్నే తీసేసింది. కొలిచిన సమయాన్ని ఫోన్ తనే రాసుకుంటుంది, తేదీని సర్వర్ నిర్ణయిస్తుంది.

అసలు చిక్కు అక్కడే పుట్టింది. సర్వర్ గడియారం గ్రీన్విచ్ లెక్కన నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. పొద్దున 8:30 అంటే అక్కడ 3:00, తేదీ అదే. అందరూ 8:30కే కొలిచినంతకాలం తప్పు బయటపడలేదు. ఒక ఊళ్ళో మాపకం చూసే ఆయన పాలకేంద్రానికి పోతూ ఐదుంబావుకే కొలిచేవాడు. అప్పుడు గ్రీన్విచ్‌లో ఇంకా ముందురోజు రాత్రి 11:45. ఆ వేళకు ఆయన కొలిచినవన్నీ ఒకరోజు వెనక్కి పడ్డాయి.

నోటులో ఉన్న ఉదాహరణ చూడండి. జూలై 11న ఆయన తీరిగ్గా 8:30కు కొలిచి సున్నా నొక్కాడు. ఆ రాత్రి మంచి పదును వాన. 12న ఐదుంబావుకు 34 మిల్లీమీటర్లు. సర్వర్ దాన్ని 11లో వేసింది. 11న ఇప్పుడు రెండు కొలతలు, సున్నా ఒకటి, 34 ఒకటి. రోజువారీ పట్టీ రాసిన కోడ్ రోజుకు మొదటి కొలతనే తీసుకునేది కనుక సున్నా నిలిచింది, 34 మాయమైంది. 12 ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీని ఇంకో కోడ్ సున్నా అనుకుంది. నిండుగా తడిసిన ఊరు ఎండిన ఊళ్ళ జాబితాలోకి ఎక్కింది. నెల మొత్తం వేసే కోడ్ మాత్రం అన్ని కొలతలనూ కూడుతుంది కాబట్టి అందులో 34 భద్రంగా ఉంది. పసిగట్టే గుర్తు అదేనని ఆమె రాసింది. రోజువారీ పట్టీ కూడి చూడండి, నెల మొత్తంతో కలవకపోతే ఎవరో పొద్దున్నే లేచి కొలుస్తున్నారని అర్థం.

దిద్దుబాటు ఒక్క వాక్యం:

```sql
(read_at AT TIME ZONE 'Asia/Kolkata')::date
```

దీని కింద ఆమె రాసిన హెచ్చరిక నాకు ఇంకా నచ్చింది. ఈ మార్పుకు ముందు ఆఫీసు తీసుకున్న ఎక్సెల్ ఫైళ్ళలో పాత తప్పు అలాగే ఉంది, వాటినీ కొత్త పట్టీనీ పక్కపక్కన పెట్టి పోల్చొద్దు అని. తప్పు దిద్దామని రాసేవాళ్ళున్నారు గాని, అది అప్పటికే ఎక్కడెక్కడికి పాకిందో రాసేవాళ్ళు అరుదు.

ఖాళీ సంగతి అంత తేలిగ్గా తీరలేదు. వాన పడని రోజున యాప్ తెరవడం దేనికని చాలామంది అనుకుంటారు. కనుక ఖాళీ అంటే చాలాసార్లు సున్నాయే. కానీ మాపకం చూసే మనిషి పెళ్ళికి పోయినా, కూలికి బెంగళూరు పోయినా అదే ఖాళీ. ఆమె తెర మీద ‘చుక్క లేదు’ అని పెద్ద బటన్ ఒకటి పెట్టింది. ఒక్క నొక్కుతో సున్నా నమోదవుతుంది, అంకె కొట్టక్కర్లేదు. అదీ నొక్కక, అంకె కూడా కొట్టని రోజు ‘చూడలేదు’ కింద లెక్క. డేటాబేస్‌లో ఈ రెండూ కలవకూడదని చెబుతూ, ఎక్కడ కనిపించినా తీసేయమని ఒక ముక్క చూపించింది:

```sql
COALESCE(mm, 0)
```

లెక్క ఆగిపోతోందనో, పట్టీలో గళ్ళు ఖాళీగా ఉన్నాయనో తర్వాత వచ్చేవాడు మొదట రాసేది ఇదేనని ఆమెకు తెలుసు. ఖాళీ గడి ఉన్న ఊరికి వానలేని రోజుల లెక్క వేయకుండా, పట్టీలో ‘అడగాలి’ అని చూపించి వదిలేస్తుంది యాప్. ఆఫీసువాళ్ళు ఆ ఊరికి ఫోన్ చేస్తారు. దీన్ని ఆమె తెలిసిన లోపాల కిందే రాసింది. వానాకాలంలో రోజూ ఫోన్లు చేయడం విసుగు పని అనీ, అయినా దీన్ని కోడ్‌తో మూయడానికి తనకు మనసొప్పలేదనీ చెప్పింది. ఆమె తేల్చినదే సరి అంటాను నేను.

బిల్డ్ మెట్ల దగ్గర పనితనం ఇంకో రకం. రాసేవాళ్ళ లాప్‌టాప్‌లో కావలసినవన్నీ ముందే ఉంటాయి కనుక వాళ్ళు రాసిన మెట్లు వాళ్ళకే పనిచేస్తాయి. ఆమె ఆఫీసులో ఒక కుర్రాడికి ఖాళీ లాప్‌టాప్ ఇచ్చి, తను పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూసిందట. అతను ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం కలిపింది. ప్రతి ఆదేశం కింద తెర మీద ఏం రావాలో, రాకపోతే ఏమనుకోవాలో ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి మెట్టు:

```
./gradlew assembleRelease
adb install -r app/build/outputs/apk/release/app-release.apk
```

ఇక్కడ `INSTALL_FAILED_UPDATE_INCOMPATIBLE` అని వస్తే యాప్ మీద పడ్డ సంతకం పాతదానితో కలవలేదని అర్థం. నెట్‌లో వెతికితే దొరికే సలహా ఒకటే, పాత యాప్ తీసేసి కొత్తది పెట్టమని. పెడితే ఎక్కుతుంది కూడా. కానీ ఇంకా సర్వర్‌కు చేరని కొలతలు ఆ ఫోన్‌లోనే ఉంటాయి, పాత యాప్‌తో పాటే పోతాయి. సిగ్నల్ లేని ఊళ్ళలో అది వారం పది రోజుల వాన కావచ్చు. అందుకే అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దని, సంతకపు కీ ఫైలు కోడ్‌తో పాటు ఉండదని, అది ఆఫీసులో ఎవరి దగ్గర ఏ బీరువాలో ఉందో రాసింది. ఈ యాప్‌ను స్టోర్ ద్వారా కాకుండా నేరుగా ఫోన్లలో వేస్తున్నారు కనుక, ఆ కీ పోతే ఫోన్లలో పాత యాప్ తీసేయకుండా కొత్త కూర్పు వేసే దారే ఉండదు.

కోడ్‌లో లేని ఒక లోపాన్ని కూడా ఆమె లోపాల జాబితాలోనే రాసింది. వానమాపకాల గరాటు రెండు సైజుల్లో దొరుకుతుంది, నోటి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లదొకటి, 200ది ఒకటి. దేని కొలగ్లాసు దానిదే. పది మిల్లీమీటర్ల వానకు చిన్నదాంట్లో 100 మిల్లీలీటర్లు చేరితే పెద్దదాంట్లో 200 చేరతాయి. గ్లాసు పగిలి, పెద్ద గరాటుకు చిన్నదాని గ్లాసు వాడితే ప్రతి వానా రెండింతలు కనిపిస్తుంది. ఒక ఊరి అంకెలు చుట్టుపక్కల ఊళ్ళకు ఎప్పుడూ రెట్టింపు దగ్గరే ఉంటే, కోడ్ వెతక్కుండా ముందు గ్లాసు చూసి రమ్మంది.

జిల్లా చీలిన సంగతిని రెండు వాక్యాల్లో ముగించింది. 2022 ఏప్రిల్‌లో 63 మండలాల అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లా వేరుపడింది. ఊరి కోడ్ ముందు పాత జిల్లా సంఖ్య ఉంది, దాన్ని మార్చొద్దు, మారిస్తే ఆ ఊరి పాత ఏళ్ళ వాన తెగిపోతుంది. అంతే.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసంలో, ప్రోగ్రామ్ అసలు ఉండేది రాసినవాళ్ళ బుర్రలో అనీ, వాళ్ళు పోయాక కాగితాలతో దాన్ని బతికించలేమనీ వాదించాడు. ఈ నోటు చదివాక ఆ మాటలో సగమే ఒప్పుకోబుద్ధేసింది. ఆమె ఏం కట్టిందో తక్కువగా, ఏం కట్టబోయి మానుకుందో ఎక్కువగా రాసింది. బుర్రలో ఉండేది చాలావరకు ఆ మానుకున్నవే.

ఒక్క చోట మాత్రం నాకు లోటు కనిపించింది. రోజూ రాత్రి సర్వర్ డేటాబేస్ బ్యాకప్ అవుతుందని రాసి, ఫైలు ఎక్కడ పడుతుందో చెప్పింది గాని, ఆ ఫైలును ఎప్పుడైనా ఇంకో యంత్రంలో పెట్టి తెరిచినట్టు ఎక్కడా లేదు. తిరిగి పెట్టి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను. ఆ పని అందుకున్నవాళ్ళు యాప్ ముట్టుకునే ముందే ఒక ఖాళీ డేటాబేస్‌లోకి `pg_restore` నడిపి, ఐదుంబావు మనిషి జూలై 12 కొలత అందులో ఉందో లేదో చూసుకోవాలి.