అరువిచ్చే ముందు చూడాల్సిన నోట్స్

కొత్త కంపెనీకి అరువు మీద సరుకు పంపే ముందు చాలామంది దాని లాభమెంతో చూస్తారు. లాభాల్లో ఉన్న కంపెనీలూ బిల్లులు నెలల తరబడి నానుస్తాయి. మనకు కావలసింది, మనలాంటి వాళ్లకు అది ఎలా కడుతోందన్న సంగతి. అది బ్యాలెన్స్ షీట్ వెనకుండే నోట్స్‌లో దొరుకుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లెక్కలైనా సరే, ఎంసీఏ పోర్టల్‌లో రుసుము కట్టి చూసుకోవచ్చు.

విజయవాడలో అట్టపెట్టెలు చేసే ఒకాయన ఓ పచ్చళ్ల కంపెనీకి 60 రోజుల అరువివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాడనుకుందాం. ముందుగా అంకెలు లక్షల్లో ఉన్నాయో వేలల్లో ఉన్నాయో చూడాలి. ఆ తర్వాత నేరుగా ట్రేడ్ పేయబుల్స్ నోట్‌కి వెళ్లాలి. ఏడాదిలో కొనుగోళ్లు 28 కోట్ల నుంచి 30 కోట్లకు పెరిగితే, సరఫరాదారులకు బాకీ 5.6 కోట్ల నుంచి 9 కోట్లకు పెరిగింది. బాకీని కొనుగోళ్లతో భాగించి 365తో గుణిస్తే, నిరుడు 73 రోజులు, ఈ ఏడు దాదాపు 110 రోజులు. అంటే సరఫరాదారుల డబ్బుతోనే వ్యాపారం నడుస్తోంది.

2021-22 నుంచి ఈ నోట్‌లో బాకీల వయసు పట్టిక కూడా ఇవ్వాలి. చెల్లింపు గడువు దాటాక ఎంత కాలమైందో అందులో తెలుస్తుంది. అయితే మొదటి గడి ‘ఏడాది లోపు’ కాబట్టి, పదకొండు నెలల ఆలస్యం కూడా అందులోనే దాక్కుంటుంది. పైన వేసిన రోజుల లెక్క అందుకే. నాకు మరింత నమ్మకమైన ఆనవాలు సూక్ష్మ, చిన్న సంస్థల బాకీల వివరం. చట్టం ప్రకారం వాళ్లకు 45 రోజులు మించి ఆపితే వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ బాకీ 2 లక్షల నుంచి 11 లక్షలకు చేరితే, ఆలస్యాన్ని కంపెనీయే ఒప్పుకున్నట్టు. అక్కడ సున్నా ఉన్నా సంబరపడొద్దు. కొన్ని కంపెనీలు సరఫరాదారుల ఉద్యమ్ నమోదు వివరాలే అడగవు.

ఆలస్యానికి కారణం రావలసిన బాకీల నోట్‌లో ఉండొచ్చు. ఆరు నెలలు దాటినవి 50 లక్షల నుంచి 3 కోట్లకు పెరిగాయి; రానిబాకీల కింద పక్కన పెట్టింది మాత్రం నిరుటిలాగే 10 లక్షలు. పచ్చళ్ల కంపెనీకే డబ్బు రావడం లేదు, లాభం కాగితం మీదే ఉంది.

నిరుటి అంకెల్ని ఈ ఏటి నివేదికలోంచే తీసుకోకండి. ‘రీగ్రూప్ చేశాం’ అన్న వాక్యం ఉంటే పాత నివేదిక తెరిచి పోల్చండి. పైగా ఇవన్నీ మార్చి 31 నాటి లెక్కలు, దాఖలయ్యేసరికి అక్టోబరు కావచ్చు. ఈలోగా ఏం జరిగిందో వాళ్ల ప్రస్తుత సరఫరాదారుల్ని అడగాల్సిందే.

ఈ అంకెలతో 60 రోజుల అరువు ఇవ్వకూడదు. సగం అడ్వాన్సు తీసుకుని, మిగతాదానికి 30 రోజులు చాలు.