ఇంటర్న్‌షిప్ నివేదికలో ఆధార సూచన, సారూప్య శాతం: రేపల్లె ప్రాంత విద్యార్థి నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
డిగ్రీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్ నివేదికలను సారూప్యత పరీక్షకు పంపడం, వచ్చిన శాతాన్ని బట్టి నివేదిక మంచి చెడ్డలను నిర్ణయించడం పరిపాటి అవుతోంది. ఆ శాతం దేన్ని కొలుస్తుంది, తెలుగు నివేదిక విషయంలో దేన్ని కొలవలేదు అన్న ప్రశ్నలను ఒక నమూనా నివేదిక ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఇంటర్న్‌షిప్ నివేదిక, ఆధార సూచన, గ్రంథచౌర్యం, సారూప్య శాతం, రేపల్లె.

1. ప్రవేశిక:
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరం నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. దాని కోసం రూపొందించిన ప్రోగ్రామ్ బుక్‌లో విద్యార్థి ప్రతిజ్ఞాపత్రం, ధ్రువీకరణలు, సంస్థ పరిచయం, దినచర్య నమోదు, వారాంతపు నివేదికలు వరుసగా ఉంటాయి. వీటిలో దినచర్య విద్యార్థి స్వయంగా చేసిన పని నుంచి పుడుతుంది. సంస్థ పరిచయం అలా కాదు. సంస్థ చరిత్ర, ఆశయాలు, నిర్మాణం వంటి అంశాలు సంస్థ వెబ్‌సైట్‌లో సిద్ధంగా ఉంటాయి. నివేదికలో చౌర్యానికి ఎక్కువ అవకాశమున్న చోటు ఈ అధ్యాయమే.

రేపల్లెకు చెందిన ఒక బి.ఏ. తెలుగు విద్యార్థి వేటపాలెంలోని సారస్వత నికేతన గ్రంథాలయంలో ఇంటర్న్‌షిప్ చేసినట్లు ఊహించి, ఆ నివేదికను నమూనాగా తీసుకుంటే సమస్య స్పష్టమవుతుంది. కింది ఉదాహరణలు, అంకెలు వివరణ కోసం కల్పించుకొన్నవి.

2. మారిన పదాలు, మారని వాక్యం:
విద్యార్థి చూసిన పుటలో ఈ వాక్యం ఉందనుకొందాం: “1918లో వేటపాలెంలో స్థాపించిన సారస్వత నికేతనం తెలుగునాట గ్రంథాలయోద్యమ కాలంలో ఎదిగిన ప్రముఖ గ్రంథాలయాల్లో ఒకటి.” విద్యార్థి ‘స్థాపించిన’ను ‘నెలకొల్పిన’గా, ‘ఎదిగిన’ను ‘వికసించిన’గా మార్చి, ఆధారం చెప్పకుండా రాశాడు. సాఫ్ట్‌వేర్ ప్రధానంగా వరుస పదాల పోలికను వెదుకుతుంది. రెండు పదాలు మారడంతో ఆ వరుస తెగుతుంది. ‘గ్రంథాలయం’ అన్న మాటను ఒత్తు తప్పుగా రాసినా అదే ఫలితం రావచ్చు. పోలిక దొరకకపోయినా వాక్య నిర్మాణం, భావం, సమాచారం మూడూ మూలానివే కాబట్టి ఇది చౌర్యమే.

ఇక్కడ తెలుగు స్వభావాన్ని కూడా గమనించాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు సర్వసాధారణ పరిజ్ఞానాన్ని, యాదృచ్ఛికంగా కలిసే మాటలను వరుసగా పద్నాలుగు పదాల వరకు పోలిక లెక్క నుంచి మినహాయించాయి. పైన చూపిన మూలవాక్యంలో ఉన్నవి పన్నెండు పదాలే. విభక్తులు, సమాసాలు పదంలోనే కలిసిపోయే తెలుగులో పద్నాలుగు పదాల లోపు ఒక వాక్యం పూర్తిగా ఇమిడిపోతుంది. అందువల్ల ఈ మినహాయింపును కేవలం అంకెగా అమలు చేస్తే పూర్తి వాక్యాన్ని ఎత్తి రాసినా లెక్కకు రాకుండా పోతుంది. నిబంధన మినహాయించింది సర్వసాధారణమైన మాటలనే తప్ప పద్నాలుగు పదాల లోపు ఉన్న ప్రతి వాక్యాన్నీ కాదు.

చౌర్యాన్ని పట్టించే ఆనవాలు కొన్నిసార్లు వాస్తవంలోనే దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు రేపల్లె గుంటూరు జిల్లాలోను, వేటపాలెం ప్రకాశం జిల్లాలోను ఉండేవి. ఆ తరువాత రాసిన నివేదికలో “ప్రకాశం జిల్లా వేటపాలెం” అని కనిపిస్తే, పాత పుటను పరిశీలించకుండా దించారేమోనని పర్యవేక్షకుడు అనుమానించవచ్చు. ఈ అనుమానం సాఫ్ట్‌వేర్‌కు రాదు.

3. శాతం దాచేది:
నివేదిక మొత్తం 4,000 పదాలు, అందులో 800 పదాలకు పోలిక దొరికింది అనుకొంటే సారూప్యత 20 శాతం. వాటిలో 360 పదాలు ప్రతిజ్ఞ, ధ్రువీకరణ వంటి ముందే అచ్చయిన భాగాలవి. అవి అందరి నివేదికల్లోనూ ఒకటే. మరో 120 పదాలు ఆధారంతో సహా ఇచ్చిన ఉద్ధరణలు. ఇవి తీసివేస్తే మిగిలేవి 320 పదాలు. మొత్తం పదాల సంఖ్యనే హారంగా ఉంచితే అది 8 శాతం మాత్రమే. అయితే ఆ 320 పదాలూ 500 పదాల సంస్థ పరిచయంలోనే ఉంటే, ఆ అధ్యాయంలో 64 శాతం విద్యార్థిది కాదు. 20 శాతం చూసి నివేదికను తిరస్కరించడం ఎంత పొరపాటో, 8 శాతం చూసి ఆమోదించడం కూడా అంతే పొరపాటు.

పది శాతం వరకు శిక్ష లేదన్న మెట్టు కూడా 2018 నిబంధనల్లోనిదే. ఆ నిబంధనల నిర్వచనం స్నాతకోత్తర, పరిశోధన పట్టాల రచనలకు, ప్రచురణలకు వర్తిస్తుంది. ప్రాజెక్టు నివేదికలను, అసైన్‌మెంట్లను అది స్పష్టంగా మినహాయించింది. కాబట్టి డిగ్రీ ఇంటర్న్‌షిప్ నివేదికకు పది శాతం అన్నది కళాశాల తనంతట తాను పెట్టుకొన్న కొలత. పెట్టుకొన్నప్పుడు ఏ భాగాలను మినహాయించి లెక్కించాలో కూడా ముందుగానే విద్యార్థికి చెప్పాలి.

4. ఆధార సూచనలో ఏకరూపత:
నమూనా నివేదికలో ఒకే వెబ్‌పుటను ఒకచోట “ఇంటర్నెట్ నుంచి” అని, మరొకచోట “గ్రంథాలయం వారి ప్రకారం” అని పేర్కొని, మూడోచోట ఏమీ చెప్పలేదనుకొందాం. అప్పుడు పాఠకుడు మూడు వేర్వేరు ఆధారాలున్నాయని భ్రమపడతాడు. (సారస్వత నికేతనం, వెబ్‌పుట) అన్న ఒకే రూపాన్ని ప్రతిచోటా ఇచ్చి, పుట చిరునామాను, చూసిన తేదీని చివరి సూచిలో చేర్చితే ఆ భ్రమ తొలగుతుంది. సిబ్బంది నోటిమాటగా తెలిసిన సంగతికి (గ్రంథాలయ సిబ్బంది, ముఖాముఖి, తేదీ) అన్న రూపం చాలు. వెబ్‌పుటలో చదివినదాన్ని ముఖాముఖిగా చూపడం మాత్రం కల్పన అవుతుంది.

తెలుగు పేర్ల విషయంలో ఏకరూపత మరింత అవసరం. గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య పేరు ఒకచోట ‘అయ్యంకి’ అని, మరొకచోట ‘వెంకటరమణయ్య’ అని వస్తే చివరి సూచిలో వెదకడం కష్టం. తెలుగులో ఇంటిపేరు సహజంగానే ముందు వస్తుంది కాబట్టి పేరును తిరగవేయకుండా, కామా పెట్టకుండా ‘అ’ వరుసలో చేర్చి, వ్యాసంలోనూ ఇంటిపేరుతోనే సూచించడం సుగమం.

ఏకరూపతకు సాంకేతిక ప్రయోజనం కూడా ఉంది. టర్నిటిన్‌లో ఉద్ధరణలను మినహాయించే వెసులుబాటు జంట ఉద్ధరణ చిహ్నాలకే వర్తిస్తుంది. ఒంటి చిహ్నాలను అది పట్టించుకోదు. తెలుగు రాతలో రెండూ కలగలిసి వాడుకలో ఉన్నందువల్ల, ఆధారం సరిగా ఇచ్చిన ఉద్ధరణ కూడా పోలికగా నమోదు కావచ్చు. అలాగే ‘ఉపయుక్త గ్రంథసూచి’ అన్న తెలుగు శీర్షికను సాఫ్ట్‌వేర్ గుర్తించకపోతే సూచి మొత్తం లెక్కలో కలుస్తుంది. దీనికి విరుద్ధంగా, అను లిపిలో టైపు చేసిన నివేదికలోని అక్షరాలు యూనికోడ్ అక్షరాలు కావు. యూనికోడ్ పుటలతో వాటికి పోలిక దొరకదు. అక్కడ వచ్చే సున్నా శాతం మౌలికతకు నిదర్శనం కాదు.

5. ముగింపు:
నమూనాలోని వాక్యాన్ని సరిదిద్దడానికి పర్యాయపదాలు పనికిరావు. “సారస్వత నికేతనం 1918లో మొదలైంది (సారస్వత నికేతనం, వెబ్‌పుట)” అని తెచ్చుకొన్న వాస్తవాన్ని ఆధారంతో చెప్పి, ఆ వెంటనే పాత పత్రికల సంపుటాలను పాఠకులకు వెతికి ఇచ్చే క్రమంలో విద్యార్థి స్వయంగా గమనించిన సంగతిని రాయాలి. మొదటిది ఇతరులదని, రెండవది తనదని పాఠకుడికి తెలియాలి. పర్యవేక్షకుడు కూడా మొత్తం శాతంతో ఆగకుండా, పోలిక గుర్తులు ఏ అధ్యాయంలో పోగుపడ్డాయో చూసి, ఆ అధ్యాయాన్ని మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ పఠనం లేకుండా వచ్చిన అంకె నివేదికను గురించి చెప్పేది స్వల్పం.