రెజ్యూమేకి గళ్లెందుకు?

రెజ్యూమే చూపించి "ఎలా ఉందంకుల్?" అని అడిగే పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. నేను వెంటనే చదవను. పీడీఎఫ్ తెరిచి, Ctrl+A, Ctrl+C కొట్టి, మొత్తం నోట్‌ప్యాడ్‌లో అతికిస్తాను. చాలా కంపెనీల్లో మనిషి కన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. దానికి రంగులూ గీతలూ అక్కర్లేదు, అక్షరాలే కావాలి.

మొన్న ఒక బీకాం కుర్రాడు తెచ్చిన రెజ్యూమే చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎడమ పక్క నీలం పట్టీలో స్కిల్స్, కుడి పక్క ఉద్యోగానుభవం. నోట్‌ప్యాడ్‌లో మాత్రం ఒక వరసలో "టాలీ జూనియర్ అకౌంటెంట్" అని, కింది వరసలో "ఎక్సెల్ జూన్ 2021 - మార్చి 2024" అని వచ్చింది. ఆ తేదీలు ఉద్యోగానివో ఎక్సెల్‌వో చెప్పడం కష్టం. మామూలు పీడీఎఫ్‌లో కాలమ్ అనేదే ఉండదు, ఏ మాట పేజీలో ఎక్కడుందన్న లెక్కే ఉంటుంది. ఒకే ఎత్తులో ఉన్న మాటల్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒకే వాక్యంలా కలిపేస్తాయి. మధ్యలో ఖాళీని గుర్తుపట్టేవీ ఉన్నాయి. మనం పంపేది దేనికి చిక్కుతుందో మనకేం తెలుసు?

వర్డ్ ఫైలుది ఇంకో తంటా. Plain Text (.txt)గా సేవ్ చేస్తే, పైన టెక్స్ట్ బాక్స్‌లో పెట్టిన పేరు, ఫోన్ నంబరు మాయమైపోవచ్చు. టెక్స్ట్ బాక్స్ పేరాల వరసలో ఉండదు, బొమ్మలాగా ఒక పేరాకి తగిలించి ఉంటుంది. పేరాలు మాత్రమే చదువుకుంటూ పోయే ప్రోగ్రామ్ దాన్ని దాటేస్తుంది. టేబుల్‌నీ అలాగే దాటేసేవి ఉన్నాయి. చదివేవి సాధారణంగా గడి తర్వాత గడి చదువుతాయి. తేదీలన్నీ ఒక గడిలో, ఉద్యోగాలన్నీ పక్క గడిలో పెడితే ముందు తేదీలన్నీ వచ్చి, ఉద్యోగాలు తర్వాత వస్తాయి.

ఎక్కువమంది టేబుల్ పెట్టేది తేదీని కుడి అంచుకి నెట్టడానికే. ఆ పని ట్యాబ్ చేస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా 2 చొప్పున మార్జిన్ తీస్తే 17 మిగులుతుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో Tabs తెరిచి, 17 సెంటీమీటర్ల దగ్గర Right ట్యాబ్ పెట్టాలి. ఉద్యోగం పేరు రాసి ట్యాబ్ ఒక్కసారి నొక్కి తేదీ కొడితే, అది అంచుకి అతుక్కుంటుంది. స్పేస్‌బార్ కొట్టి జరపకండి, ఫాంటు మారితే వరస చెదురుతుంది.

విభాగాల మధ్య గీత కావాలంటే పేరాకి కింది బోర్డర్ చాలు. స్కిల్స్‌ని పక్క పట్టీలో కాకుండా, ఒక శీర్షిక కింద కామాలతో రాయండి. పేరు, ఫోను పేజీలో మొదటి వరసల్లోనే ఉండాలి. హెడర్‌లో పెడితే దాన్ని చదవని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.

పంపే ముందు మళ్లీ నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ పైనుంచి కిందికి తడబడకుండా చదవగలిగితేనే ఆ రెజ్యూమే పంపండి.