పలకని ఒత్తు వినబడదా? క–ఖ భేదగ్రహణం, ఉత్తరాంధ్ర మాండలిక పరిశీలన

మహాప్రాణాలు తెలుగులోకి ప్రధానంగా సంస్కృత పదాలతో వచ్చాయి. నిత్యవ్యవహారంలో అవి చాలాచోట్ల అల్పప్రాణాలుగా మారతాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెమాటను గురించి చెప్పేటప్పుడు ఈ ఉచ్చారణ నుంచి ‘వారికి ఆ తేడా వినబడదు’ అనే నిర్ణయానికి వెళ్ళడం సులువు. అయితే పలకకపోవడం ఒక విషయం, వినలేకపోవడం మరొకటి. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశం వంటి క్షేత్రసేకరణలు ప్రజలు ఏమి పలికారో చెబుతాయి. వారు ఏమి వినగలరో తెలియాలంటే వేరే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యాన్ని ఇచ్చేది వర్గీకృత గ్రహణ ప్రయోగం.

ఈ పద్ధతికి మూలం హాస్కిన్స్ ప్రయోగశాలలో లిబర్‌మన్ బృందం 1957లో ప్రకటించిన ప్రయోగం. వారు బ, డ, గ ధ్వనుల మధ్య సమాన అంతరాలతో ఒక ధ్వనిశ్రేణిని నిర్మించారు. కరము–ఖరము జంటకు ఆ పద్ధతిని ఇలా అన్వయించవచ్చు. స్పర్శం విడుదలైన క్షణం నుంచి అచ్చులో నాదం మొదలయ్యేవరకు ఉండే వ్యవధిని నాదారంభకాలం అంటారు. ఇది ‘క’లో తక్కువ, ‘ఖ’లో ఎక్కువ. ఒకే వక్త ఉచ్చారణను తీసుకొని, ఆ వ్యవధిలోని ఊపిరిధ్వనిని మాత్రమే 20 నుంచి 90 మిల్లీసెకండ్ల వరకు పదేసి చొప్పున పెంచితే ఎనిమిది ధ్వనులు వస్తాయి.

గుర్తింపు పరీక్షలో ఒక్కొక్క ధ్వనిని క్రమం తప్పించి అనేకసార్లు వినిపించి, అది ‘క’నా ‘ఖ’నా అని అడుగుతారు. సమాధానాలు సగం సగంగా చీలే చోటును వర్గసరిహద్దు అంటారు. భేదనిర్ణయ పరీక్షలో రెండు ధ్వనులు వినిపించి, మూడవది వాటిలో దేనితో సమానమో అడుగుతారు. శ్రోతకు వర్గనామం తప్ప మరేమీ మిగలదనుకుంటే, ఈ రెండవ పరీక్ష ఫలితాన్ని మొదటిదాని నుంచే ఊహించవచ్చు:

P = ½[1 + (p1 − p2)²]

ఇక్కడ p1, p2 ఆ రెండు ధ్వనులను ‘ఖ’ అన్న నిష్పత్తులు. ఉదాహరణకు ఒక ధ్వనిని 10 శాతం, మరొకదాన్ని 90 శాతం ‘ఖ’ అన్నారనుకుంటే ఊహ 0.82 అవుతుంది. రెండింటినీ సమానంగా ‘ఖ’ అంటే ఊహ 0.50, అంటే కేవలం అదృష్టం. ఈ రెండవ జంటను శ్రోతలు నిజంగా 65 శాతం సరిగా వేరుచేస్తే, వర్గంలోపలి తేడా కూడా వారి చెవికి అందుతున్నదని అర్థం.

పరీక్ష రూపం కూడా ఫలితాన్ని మారుస్తుంది. మూడు ధ్వనుల వరస జ్ఞాపకం మీద బరువు వేసి, శ్రోతను పేర్ల వైపు నెడుతుంది. రెండేసి ధ్వనుల జంటలు రెండు వినిపించి ‘ఏ జంటలో తేడా ఉంది?’ అని అడిగితే వర్గంలోపలి భేదాలు మెరుగుగా తెలుస్తాయని పిసోనీ, లాజరస్ 1974లో చూపారు. ఉత్తరాంధ్ర సందర్భంలో ఇది కీలకం. క, ఖ అక్షరాలను చూపి ఎంచుకోమంటే, అక్షరాస్యుని చెవితోపాటు అతని బడిచదువునూ కొలిచినట్టవుతుంది. నిరక్షరాస్యునికి ఆ ప్రశ్నే పొసగదు. ‘ఖరము’ అనే మాట ఎరగనివారికి గాడిద బొమ్మ చూపినా ప్రయోజనం లేదు. అక్షరం, అర్థం అవసరంలేని జంటల పరీక్షే వారికి తగినది.

ఇక సరిహద్దు జరగడం. తెలిసిన పదం వైపు శ్రోత మొగ్గుతాడని గనాంగ్ 1980లో నిరూపించారు. ఆ శ్రేణినే ‘–డ్గం’, ‘–ష్టం’ ముందు చేర్చితే, ‘ఖడ్గం’ మనసులో ఉన్న శ్రోత తక్కువ ఊపిరినీ ‘ఖ’గా అంగీకరించాలి, ‘కష్టం’ ముందు ఎక్కువ ఊపిరినీ ‘క’గా తీసుకోవాలి. అంటే రెండు సరిహద్దుల మధ్య ఎడం కనబడాలి. ఆ పదం ‘కడ్గం’గానే నిలిచినవారికి రెండు చట్రాలూ ‘క’ వైపే లాగుతాయి కనుక ఆ ఎడం తగ్గాలి. జంటల పరీక్షలో వారు భేదాన్ని వినగలిగీ ఇక్కడ ఎడం చూపకపోతే, లోపం చెవిలో లేదు. వారి పదకోశంలో ఆ పదరూపమే వేరు.

అయితే సరిహద్దు జరిగిన ప్రతిచోటా మాండలిక భేదం ఉందనుకోరాదు. 20–90కి బదులు 0–70 శ్రేణి వినిపిస్తే సరిహద్దు తక్కువ విలువల వైపు జరగవచ్చు. ‘ఖ’నే పదేపదే వినిపించిన తర్వాత కూడా అది కదులుతుంది. అలాంటి జరుగుబాటును ఐమాస్, కార్బిట్ 1973లో నమోదు చేశారు. మాటవేగం మారినా ఇదే జరుగుతుంది. అందువల్ల విజయనగరం పట్టణ శ్రోతలను, శ్రీకాకుళం పల్లె శ్రోతలను పోల్చాలంటే శ్రేణి, వేగం, వరస ఒక్కటిగా ఉండాలి. ఈ నియమాలు పాటించకుండా సేకరించిన ఉచ్చారణలు, విద్యార్థుల వర్ణక్రమ దోషాలు ‘వినబడదు’ అనే మాటకు ఆధారం కాలేవు. వాటి నుంచి చెప్పగలిగింది ఒక్కటే: ఆ పదాన్ని వారు అలా పలుకుతున్నారు, అలా రాస్తున్నారు.