ఆర్‌ఈఎఫ్ రిలే, దాని పక్కనుండే రెసిస్టర్

రెస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ రక్షణ ఒకే ఒక్క స్టార్ వైండింగ్‌కు కాపలా. మూడు ఫేజుల సీటీలనూ, న్యూట్రల్‌ను భూమికి కలిపే తీగమీది సీటీనీ సమాంతరంగా కలిపి, వాటి మధ్య రిలేను పెడతారు. ఎర్త్ ఫాల్ట్ బయట ఫీడర్‌లో వస్తే, ఫేజు గుండా వెళ్లిన కరెంటే న్యూట్రల్ గుండా తిరిగివస్తుంది. రెండు సీటీల కరెంట్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, రిలేకు ఏమీ మిగలదు. ఫాల్ట్ వైండింగ్ లోపలే వస్తే ఆ లెక్క తప్పి, తేడా అంతా రిలేలోకి వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు డిఫరెన్షియల్ రక్షణ ఉన్నా ఇది కావాలి. న్యూట్రల్‌కు దగ్గర్లో ఇన్సులేషన్ చెడితే కొద్ది చుట్లు మాత్రమే షార్ట్ అవుతాయి. ఆ చుట్లలో వేల ఆంపియర్లు పారుతున్నా, చుట్ల నిష్పత్తి తక్కువ కాబట్టి అవతలి వైపు లైన్లలో కరెంటు పెద్దగా పెరగదు. డిఫరెన్షియల్ రిలేకు ఆ ఫాల్ట్ ఆనకపోవచ్చు. న్యూట్రల్ సీటీ మాత్రం ఆ కరెంటును నేరుగా చూస్తుంది.

చిక్కు బయటి ఫాల్ట్‌తోనే వస్తుంది. భారీ కరెంటుకు ఒక సీటీ కోర్ సాచురేట్ అయితే అది కరెంటు ఇవ్వడం మానేసి, ఉత్త వైండింగ్ నిరోధంలా మిగిలిపోతుంది. బాగున్న సీటీ పంపే కరెంటుకు అప్పుడు రెండు దారులుంటాయి: ఒకటి సాచురేట్ అయిన సీటీ, దాని వైర్లు, రెండోది రిలే. రిలే దారిలో నిరోధం తక్కువైతే కరెంటు అటు మళ్లి, ఏ లోపమూ లేని ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అవుతుంది. స్టెబిలైజింగ్ రెసిస్టర్ పని ఆ దారిని ఇరుకు చేయడమే. దాని విలువను తేల్చడానికి, ఒక సీటీ పూర్తిగా సాచురేట్ అయిందనే అనుకుని లెక్క మొదలుపెడతారు.

ఉదాహరణకు 33/11 కేవీ, 5 ఎంవీఏ, డీవైఎన్11 ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుందాం. 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు 262 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 7.15 శాతమైతే, బయటి ఫాల్ట్‌కు గరిష్ఠంగా సుమారు 3,670 ఆంపియర్లు పారతాయి. 300/1 సీటీల సెకండరీలో అది 12.23 ఆంపియర్లు. సీటీ వైండింగ్ నిరోధం 2 ఓంలు, పోను రాను వైర్ల నిరోధం 1.5 ఓంలు అనుకుంటే, రిలే దారి తట్టుకోవలసిన వోల్టేజీ:

```
Vs = If × (Rct + 2RL) / N
   = 3670 × (2 + 1.5) / 300 = 42.8 V
```

రిలే సెట్టింగ్ 0.1 ఆంపియర్. అంటే 42.8 వోల్టుల దగ్గర ఆ దారిలో 0.1 ఆంపియర్ మించకూడదు. మొత్తం నిరోధం 428 ఓంలు ఉండాలి. ఆ సెట్టింగ్ దగ్గర రిలే బర్డెన్ 1 వీఏ అయితే, రిలే సొంత నిరోధమే 100 ఓంలు. మిగిలిన 328 ఓంలు రెసిస్టర్ వంతు. దాన్ని 330 దగ్గర నిలుపుతారు. వైర్ చుట్టిన రెసిస్టర్‌పై జరిపే క్లిప్పును మీటర్ చూస్తూ సరిచేసి, స్క్రూ బిగించాక మరోసారి కొలవాలి. బిగింపులో క్లిప్పు కదిలితే విలువ మారిపోతుంది.

భద్రంగా ఉంటుందని ఈ విలువను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు. లోపలి ఫాల్ట్‌కు రిలే గట్టిగా పనిచేయాలంటే సీటీ నీ పాయింట్ వోల్టేజీ Vs కు కనీసం రెట్టింపు, ఇక్కడ 86 వోల్టులు, ఉండాలి. అందుకే ఈ పనికి పీఎస్ తరగతి సీటీలు వాడతారు. రెసిస్టర్ పెంచితే ఆ అవసరమూ పెరుగుతుంది. సీటీకి అంత శక్తి లేకపోతే అసలు ఫాల్ట్‌కే రిలే ఆలస్యం చేస్తుంది, లేదా ఊరుకుంటుంది. వోల్టేజీతో పాటు సీటీలు మింగే మాగ్నెటైజింగ్ కరెంటూ పెరుగుతుంది. Vs దగ్గర ఒక్కో సీటీ 10 మిల్లీఆంపియర్లు తీసుకుంటే నాలుగింటికి 40. అప్పుడు రిలే కదిలే ప్రైమరీ కరెంటు 300 × 0.14, అంటే 42 ఆంపియర్లు; పూర్తి లోడులో 16 శాతం.

లోపలి ఫాల్ట్ సమయంలో ఇదే రెసిస్టర్ మీద వోల్టేజీ శిఖరాలు లేస్తాయి. నీ పాయింట్ 120 వోల్టులైతే ఈ ఉదాహరణలో శిఖరం సుమారు 2,230 వోల్టులు. అది 3,000 దాటేచోట రిలే, రెసిస్టర్ల జతకు సమాంతరంగా మెట్రోసిల్ పెట్టాలి.

ఎంత సరైన లెక్కైనా న్యూట్రల్ సీటీ పొలారిటీ తారుమారైతే బూడిదపాలవుతుంది. మామూలు లోడులో న్యూట్రల్‌లో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి ఆ తప్పు బయటపడదు. బయట మొదటి ఎర్త్ ఫాల్ట్ రాగానే ట్రాన్స్‌ఫార్మర్ పడిపోతుంది. ఒక ఫేజు సీటీ, న్యూట్రల్ సీటీల గుండా వరుసగా ప్రైమరీ కరెంటు పంపి చూస్తే సంగతి తేలిపోతుంది. బయటి ఫాల్ట్‌లో పారే దిశలోనే పంపినప్పుడు రిలేలో కరెంటు సున్నాకు దగ్గరగా ఉంటే కనెక్షన్ సరైనది. రెండు సీటీల కరెంట్లూ కలిసి రిలేలో చేరితే తప్పు. ఈ పరీక్ష చేయకుండా ఆర్‌ఈఎఫ్ ట్రిప్‌ను సర్వీసులో పెట్టకూడదు.