తిరగరాతలో జారిపోయే నవ్వు: హాస్యవాక్యంలో పదక్రమం

ఉపోద్ఘాతం

హాస్యరచనను సవరించినకొద్దీ వాక్యం చక్కబడి నవ్వు తగ్గడం రచయితలకు తరచు ఎదురయ్యే అనుభవం. చమత్కారోక్తులపై 1905లో వెలువరించిన గ్రంథంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ దీనినే ఒక పరీక్షగా వాడుకున్నాడు. అదే భావాన్ని వేరే మాటలలో చెప్పినప్పుడు నవ్వు పోతే, అది భావంలో కాక చెప్పిన తీరులో ఉన్నదని అర్థం. తెలుగులో ఆ తీరు చాలావరకు పదక్రమంపై ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఉదాహరణ పరిశీలన

ఒక హాస్యవ్యాసపు తొలిప్రతి ఇలా ఉన్నదనుకుందాం:

“మా పెదనాన్నగారు అలారం గడియారం కొన్నారు. అప్పటినుంచి రోజూ నాలుగింటికి ఐదు నిమిషాల ముందే లేస్తున్నారు. అది మోగకుండా ఆపడానికి.”

రెండవ వాక్యం ముగిసేసరికి పాఠకుడు పెదనాన్నగారి క్రమశిక్షణను ఊహించుకుంటాడు. మూడవ వాక్యం ఆ ఊహను తలకిందులు చేస్తుంది. ఇక సవరించిన ప్రతి:

“మా పెదనాన్నగారు తాము కొన్న అలారం గడియారం మోగకుండా ఆపడానికి రోజూ నాలుగింటికి ఐదు నిమిషాల ముందే లేస్తున్నారు. అంటే గడియారం చేయవలసిన పని ఆయనే చేస్తున్నారన్నమాట.”

సమాచారమేదీ పోలేదు, నవ్వు పోయింది. ‘ఆపడానికి’ వంటి ప్రయోజనార్థక రూపం తెలుగులో సహజంగా సమాపక క్రియకు ముందు వస్తుంది. అందువల్ల విడివాక్యాలను కలపగానే చివర తెలియవలసిన కారణం ముందే తెలిసిపోయింది. పాఠకుడు తప్పుగా ఊహించే అవకాశమే లేకుండా పోయింది. ‘అంటే’తో మొదలైన వాక్యం అతడు స్వయంగా గ్రహించవలసిన దానిని వివరించి, మిగిలిన కాస్త నవ్వునూ తుడిచివేసింది.

ఈ మార్పులకు రెండు కారణాలున్నాయి. క్రియ లేని మూడవ వాక్యం అసంపూర్ణమని తోచి రచయిత దానిని ముందు వాక్యంలో కలిపాడు. పదేపదే చదవడంవల్ల తనకు ఆశ్చర్యం తగ్గితే, పాఠకునికీ అందదేమోనని వివరణ చేర్చాడు.

పునరుద్ధరణ

ముందుగా ఊహను తిప్పే మాటను గుర్తించాలి. ఇక్కడ అది ‘మోగకుండా’. దానికి ముందు వాక్యాన్ని ముగించి, ఆ మాటను చివరి వాక్యంలోకి తేవాలి. తరువాతి వివరణను తొలగించాలి. అప్పటికీ నవ్వు రాకపోతే లోపం తరచు పూర్వభాగంలోనే ఉంటుంది. “వీధివారంతా ఆయనను చూపి పిల్లలను మందలించేవారు” అన్న వాక్యాన్ని మలుపుకు ముందు చేరిస్తే తప్పుడు ఊహ బలపడుతుంది, మలుపు కొంత ఆలస్యమవుతుంది. ఫలితాన్ని మునుపు చదవని వ్యక్తికి బిగ్గరగా చదివి వినిపించాలి. శ్రోత మలుపుకు ముందే నవ్వితే మాట ముందుగా బయటపడినట్లు, ముగిశాక “అయితే?” అని అడిగితే పూర్వభాగం చాలనట్లు.

ముగింపు

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ప్రతి పేరా ఇలాగే ముగిస్తే పాఠకుడు మలుపుకోసం కాచుకొని ఉంటాడు, ఆశ్చర్యం మిగలదు. పాత్ర మాండలికంలోనో మాటతీరులోనో పుట్టే హాస్యానికి పదక్రమం ఒక్కటే చాలదు. అయితే ఊహాభంగంపై నిలిచే హాస్యంలో, వాక్యాలను కలిపే ముందు ఏ మాట ఎప్పుడు తెలియాలో చూసుకోవడం సవరణలో తొలి మెట్టు కావాలి.