150 అక్షరాల్లో ఒక డాబా తోట

రీల్ నచ్చినవాళ్లు పేరు మీద నొక్కి ప్రొఫైల్‌లోకి వస్తారు. ఇప్పుడు చూసినదానిలాంటివి ఇక్కడ ఇంకా ఉన్నాయా, ఇది ఏదో ఒక్కసారి పెట్టిన వీడియోనా అన్నదే అప్పుడు వాళ్ల ప్రశ్న. దానికి జవాబు చెప్పే బయో ఎలా తయారవుతుందో దగ్గరగా చూస్తే, ఆ నాలుగు ముక్కల్లో ఎంత పనితనం పడుతుందో తెలుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా ఉందనుకుందాం. అద్దె ఇంటి డాబా మీద కూరగాయలు పండించే ఒక గృహిణిది. మొదట ఆమె బయో ఇలా ఉంది:

ప్రకృతి ప్రేమికురాలు
ఇద్దరు పిల్లల అమ్మ
మీ సపోర్ట్ కావాలి ఫ్రెండ్స్

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇదే బయోను వంటల ఖాతాకో, అరకు ట్రిప్పుల ఖాతాకో తగిలించినా అతికినట్టే ఉంటుంది. లోపం అక్కడే ఉంది. ఆమె ఎవరో చెప్పింది గానీ, వచ్చినవాళ్లకు ఇక్కడ ఏం దొరుకుతుందో చెప్పలేదు.

బయో కంటే ముందు సరిచేయాల్సింది నేమ్ అనే గడి. యూజర్‌నేమ్ వేరు, ఇది వేరు. ఇక్కడ రాసిన మాటలు సెర్చ్‌కు అందుతాయి, అందుకే సొంత పేరొక్కటే రాసి వదిలేస్తే చోటు వృథా. పైగా తెలుగువాళ్లు చాలామంది తెలుగు మాటను కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు. కాబట్టి ఆమె గడి ఇలా మారింది: మిద్దెతోట | Midde Thota. చదివేవాళ్లకు ఒక లిపి, వెతికేవాళ్లకు ఇంకొకటి. ఈ గడిని 14 రోజుల్లో రెండు సార్లు మాత్రమే మార్చనిస్తారు, అందువల్ల ప్రయోగాలు ఇక్కడ కాదు, బయోలో చేసుకోవాలి.

బయోకు ఇచ్చే చోటు 150 అక్షరాలు. తెలుగుకు అది కనిపించినంత పెద్దది కాదు. యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లులు, సున్నాలు అన్నీ విడివిడి గుర్తులే. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, లెక్కకు ఆరు. ఒత్తులు ఎక్కువున్న సంస్కృత పదాలు చోటును గబగబా తినేస్తాయి, వాడుక మాటలు పొదుపుగా ఇముడుతాయి. తోట, కోత, డాబా లాంటి మాటలు ఇక్కడ రెండు విధాలా మేలు: చిన్నవి, కంటికి కట్టేవి.

ఇక కొత్త బయో:

అద్దె ఇంటి డాబా మీద కూరగాయల తోట
ఇల్లు మారితే వెంట తీసుకెళ్లే కుండీలు
ప్రతి ఆదివారం ఒక కూరగాయ

గుర్తులు లెక్కపెడితే మొదటి వరుస 31, రెండోది 36, మూడోది 23. వరుసల మధ్య విరుపులతో కలిపి 92. ఇంకా చోటు మిగిలింది, దాన్ని నింపకుండా వదిలేయడమే మంచిది.

మొదటి వరుసలో బరువంతా ‘అద్దె ఇంటి’ అన్న రెండు మాటల మీద ఉంది. డాబా తోటల ఖాతాలు చాలానే ఉన్నాయి. ఓనర్ ఏమంటాడోనని, నీళ్లు కారితే గొడవవుతుందేమోనని వెనకాడేవాళ్ల కోసం ఉన్నవి తక్కువ. ఆ రెండు మాటలు చదవగానే వాళ్లు ‘ఇది మా కోసమే’ అనుకుంటారు. సొంతిల్లు ఉండి ఇటుకలతో మడులు కట్టాలనుకునేవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు, అదీ సరైనదే. రెండో వరుస ఆ మాటకు రుజువు: సిమెంటు తొట్లు కాదు, తేలికైనవి, కదిలించగలిగినవి. నాకు అన్నిటికంటే నచ్చిన వరుస ఇదే. ‘పోర్టబుల్ గార్డెనింగ్’ అనే బదులు ఇల్లు మారే రోజును చూపించింది. మూడో వరుస తర్వాత ఏం వస్తుందో చెబుతుంది. అయితే ఆదివారం వీడియో రాకపోతే ఈ వరుసే ఎదురు తిరుగుతుంది, నిలబెట్టుకోలేకపోతే తీసేయాలి.

ప్రొఫైల్ పైభాగాన మూడు రీల్స్ దాకా పిన్ చేయవచ్చు. మొదటిదానిలో ఆమె కాయలు కోస్తూ అనే తొలి మాట: ‘ఈ డాబా మాది కాదు, ఈ టమాటాలు మాత్రం మావే.’ ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ టు మై ఛానల్’ అనడానికి పట్టే సమయంలోనే అద్దె ఇల్లు, డాబా, పంట మూడూ చెప్పేసింది. బయోలోని మాటలనే తిరిగి అప్పజెప్పలేదు, అదే సంగతిని గొంతుతో పలికించింది.

ఇది పనిచేస్తోందా అన్నది తేల్చుకోవడానికి, ఆమె వీడియోలు ఎన్నడూ చూడని మనిషికి పేరు, బయో మాత్రమే చూపించి, వచ్చే వీడియో దేని గురించి ఉండొచ్చని అడగాలి. ‘ఏవో మొక్కల గురించి’ అంటే మొదటి వరుస ఇంకా వదులుగా ఉన్నట్టు. ‘పాత బకెట్‌లో వంకాయ పెంచడం లాంటిదేమో’ అంటే సరిగ్గా తగిలినట్టు. తర్వాత ఇన్‌సైట్స్‌లో ప్రొఫైల్ చూసినవాళ్ల సంఖ్యను, ఫాలో అయినవాళ్ల సంఖ్యను పక్కపక్కన పెట్టుకోవాలి. వచ్చేవాళ్లు పెరిగినా ఆగేవాళ్లు పెరగకపోతే రెండు కారణాలుండొచ్చు: బయో మసకగా ఉండటం, లేదా బయో తోట గురించి చెబుతుంటే కింద గ్రిడ్‌లో సగం పెళ్లి వీడియోలు ఉండటం. రెండోదైతే బయోలో ఎన్ని మాటలు మార్చినా లాభం లేదు, ఆ పెళ్లి వీడియోలను వేరే ఖాతాకు పంపాల్సిందే.